సోషల్ డిబేట్‌లో మార్కుల గొడవ రాకుండా నేను చేస్తున్న పద్ధతి

"తొమ్మిదో తరగతికి డిబేట్ పెడితే నలుగురే మాట్లాడుతున్నారు, మిగతావాళ్లు గోల చేస్తున్నారు. చివర్లో 'మీకిష్టమైనవాళ్లకే మార్కులు వేశారు టీచర్' అంటున్నారు. ఎవరికి ఏ పని ఇవ్వాలి, ఎన్ని రోజులు టైమ్ ఇవ్వాలి, మార్కులు ఎలా వేయాలి?"

మేడమ్, నాకూ మొదటి రెండేళ్లు ఇదే జరిగింది. గొంతు పెద్దదైన పిల్లాడు అనర్గళంగా మాట్లాడేవాడు, చప్పట్లు పడేవి, నేనూ మార్కులు వేసేసేదాన్ని. ఒకసారి రెండో వక్త లేచి, ముందు రోజు ఇంట్లో రాసుకొచ్చిన కాగితమే చదివింది. అవతలి జట్టు అంతకుముందు చెప్పిన ఒక్క మాటకీ అందులో జవాబు లేదు. అప్పుడు అర్థమైంది, మా క్లాసులో జరుగుతున్నది వాదన కాదు, వక్తృత్వ పోటీ అని. అందుకే ఇప్పుడు అవతలివాళ్లకు జవాబు చెప్పడానికే ఎక్కువ మార్కులు పెట్టాను.

ఈ ఏడాది ఎన్నికల పాఠం మీద "ఓటు వేయడం తప్పనిసరి చేయాలి" అన్న అంశం ఇచ్చాను. సోమవారం అంశం చెప్పి, జట్లు మాత్రమే చేశాను. ఏ జట్టు ఎటువైపో గురువారం చివరి బెల్లుకు చీటీ తీసి చెప్పాను, శుక్రవారం డిబేట్. ముందే చెబితే పిల్లలు ఒకవైపే చదువుతారు. చీటీ ఆఖర్లో తీస్తే రెండువైపులా చదవక తప్పదు. మధ్యలో రెండు పీరియడ్లు క్లాసులోనే తయారీకి ఇచ్చాను, ఎందుకంటే ఇంట్లో ఫోన్ లేని పిల్లలు వెనకబడకూడదు. దొరికిన ఆధారాలను చీటీల మీద రాసుకోవాలి. ఒక్కో చీటీ మీద ఒక్క విషయమే, కింద అది ఎక్కడిదో ఉండాలి. "పేపర్లో చూశాను" అంటే లెక్కలోకి రాదు, పేపరు పేరు, తేదీ కావాలి. ఆస్ట్రేలియాలో 1924 నుంచి జాతీయ ఎన్నికల్లో ఓటు తప్పనిసరి అని ఒకరు తెచ్చారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా 67 శాతం పోలైతే హైదరాబాద్‌లో 45 శాతం కూడా కాలేదని ఇంకొకరు తెచ్చారు. స్థానిక ఎన్నికలకు గుజరాత్ ఇలాంటి చట్టమే చేస్తే 2015లో హైకోర్టు స్టే ఇచ్చిందన్న చీటీ కూడా వచ్చింది.

మా క్లాసులో 40 మంది. జట్టుకు నలుగురు వక్తలు, ఆరుగురు చీటీలవాళ్లు. డిబేట్ నడుస్తుండగా సరైన చీటీ వెతికి వక్త చేతికి అందించడం ఆ ఆరుగురి పని. ఐదుగురు మార్కులు వేస్తారు, ఇద్దరు టైమ్ చూస్తారు, మిగిలిన 13 మంది ప్రశ్నలు రాసిస్తారు. మొదట జట్టుకు 4 నిమిషాలు, తర్వాత అందరూ గుమిగూడి మాట్లాడుకోవడానికి 3 నిమిషాలు. ఈ 3 నిమిషాలు మాత్రం తీసేయకండి, జవాబు తయారయ్యేది అక్కడే. తర్వాత జవాబుకు చెరో 3, ప్రశ్నలకు 8, ముగింపుకు చెరో 2. మార్కులు వేయడంతో కలిపి 45 నిమిషాల పీరియడ్‌లో సరిపోతుంది.

జవాబు చెప్పేవాళ్లకు ఒక నియమం ఉంది. ముందు అవతలివాళ్ల వాదనను ఒక్క వాక్యంలో చెప్పాలి, వాళ్లు "అవును, మేమన్నది అదే" అనాలి. ఆ తర్వాతే జవాబు. సాధారణంగా నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "వేయనివాళ్లకు జరిమానా వేస్తే అందరూ వస్తారంటున్నారు, అంతేనా?" అని అడిగింది. వాళ్లు అవునన్నారు. "మరి పొట్టకూటి కోసం వలస వెళ్లిన కూలీకి ఊరికి రావడానికి బస్సు చార్జీ ఎవరిస్తారు?" అంది. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

మొత్తం 20 మార్కులు: జవాబుకు 10, ఆధారాలకు 6, క్లాసు అడిగిన ప్రశ్నలకు 4. ఇంగ్లీషు మాటలకు, గొంతుకు మార్కుల్లేవు. ఈ కాగితం సోమవారమే గోడకు అంటిస్తాను. ఐదుగురూ దూరదూరంగా కూర్చుని పేరు లేకుండా వేస్తారు, పెద్ద అంకె, చిన్న అంకె తీసేస్తాను. ఈసారి జవాబు దగ్గర ఒక జట్టుకు 9, 7, 7, 6, 2 వచ్చాయి, మొత్తం 31. రెండో జట్టుకు 7, 7, 6, 6, 6, మొత్తం 32. మిగతావాటిలో ఇద్దరూ సమానం. అలాగే కూడితే రెండో జట్టు గెలిచేది. కొసలు తీసేస్తే 20, 19 వచ్చి మొదటి జట్టు గెలిచింది. ఎవరో ఒక్కరు కోపంతో వేసిన 2 ఫలితాన్ని మార్చలేకపోయింది. లెక్క బోర్డు మీదే చేశాను, ఎవరూ ఏమీ అనలేదు. స్నేహితులంతా ఒకే జట్టులో ఉన్న క్లాసులో మాత్రం ఇది చాలదు. ఐదుగురిలో ముగ్గురు ఒకవైపు మొగ్గితే కొసలు తీసేసినా లాభం లేదు. అలాంటప్పుడు పక్క సెక్షన్ నుంచి పిల్లల్ని తెచ్చుకోండి.

గెలుపోటములను ఎఫ్ఏ మార్కుల్లో కలపను. తెచ్చిన చీటీలకు, రాసిన ప్రశ్నలకు విడిగా వేస్తాను, అప్పుడు మాట్లాడనివాళ్లకూ న్యాయం జరుగుతుంది. ఇంకొకటి, రిజర్వేషన్ల లాంటి అంశాన్ని చీటీకి వదలకండి మేడమ్. తన ఇంటివాళ్ల గౌరవానికి వ్యతిరేకంగా వాదించమని ఏ బిడ్డకూ చీటీ రాకూడదు.