స్లైడ్ శీర్షిక: ‘కాదు’ అనడానికి వీలున్న వాక్యం

ప్రశ్న: నా స్లైడ్లకు ‘ఫిర్యాదుల విశ్లేషణ’, ‘ప్రస్తుత పరిస్థితి’, ‘ప్రతిపాదన’ వంటి శీర్షికలు పెడుతుంటాను. ప్రతి శీర్షికా ఆ స్లైడ్ సారాంశాన్ని చెప్పే పూర్తి వాక్యంగా ఉండాలని మా మేనేజర్ అంటున్నారు. నేను రాస్తే మూడు వరుసలు అవుతోంది, పైగా ఒక్కో స్లైడ్‌లో అసలు ముగింపు ఏదో తేల్చుకోలేకపోతున్నాను. మీరు ఎలా రాస్తారు?

వాక్యం మూడు వరుసలు కావడం, ముగింపు తేలకపోవడం రెండు వేర్వేరు ఇబ్బందుల్లా కనిపిస్తాయి కానీ, నా అనుభవంలో రెండింటికీ మూలం ఒక్కటే. స్లైడ్ ఏం చెబుతోందో మనకే తేలనప్పుడు, అందులో ఉన్నదంతా శీర్షికలోకి ఎక్కించాలని చూస్తాం. వాక్యం అలా సాగిపోతుంది. నేను కొన్నేళ్లపాటు ఒక సంస్థలో కస్టమర్ సపోర్ట్ విభాగానికి సమీక్షా సమావేశాల స్లైడ్లు తయారుచేశాను. మీరు ఉదాహరణగా ఇచ్చిన ‘ఫిర్యాదుల విశ్లేషణ’ అనే శీర్షికే నా స్లైడ్‌కూ ఉండేది. దాన్ని ఎన్నిసార్లు తిరగరాయాల్సి వచ్చిందో, ప్రతిసారీ ఏం తప్పిందో చెబుతాను. అంకెలను మాత్రం మార్చాను.

ఆ స్లైడ్‌లో ఆరు నెలల స్తంభాల చార్టు ఉండేది. ఒక్కో నెల స్తంభంలో ఏడు రకాల ఫిర్యాదులు ఏడు రంగుల్లో ఒకదానిపై ఒకటి పేర్చి ఉండేవి. పూర్తి వాక్యం రాయమన్నారు కదా అని మొదట ‘గత ఆరు నెలల్లో ఫిర్యాదులు పెరిగాయి’ అని రాశాను. వ్యాకరణపరంగా అది వాక్యమే. అయితే స్తంభాలు పైకి వెళ్తున్న సంగతి చూసేవారికి నేను చెప్పకుండానే తెలుస్తుంది. ఇలాంటి శీర్షికను పక్కనున్నవారికి చదివి వినిపిస్తే ‘అయితే ఏమిటి?’ అని అడుగుతారు, దానికి మన దగ్గర జవాబు ఉండదు. ముగింపు ఇంకా దొరకలేదనడానికి అదే గుర్తు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ, మొదటి నెలకూ ఆరో నెలకూ ఉన్న తేడాను ఫిర్యాదు రకాలవారీగా తీసి చూశాను. మొత్తం ఫిర్యాదులు 4,200 నుంచి 5,100కు పెరిగాయి. పెరిగిన 900లో 760 లాగిన్‌కు సంబంధించినవి. మిగిలిన ఆరు రకాలూ కలిపి పెరిగింది 140 మాత్రమే. అప్పుడు శీర్షిక ‘ఆరు నెలల్లో పెరిగిన 900 ఫిర్యాదుల్లో 760 లాగిన్ సమస్యకు చెందినవి’ అని మారింది. ఈ వాక్యానికి ఎవరైనా ‘కాదు, నా లెక్క వేరు’ అని అడ్డు చెప్పవచ్చు. నేను వాడే పరీక్ష ఇదే. ‘ఫిర్యాదుల విశ్లేషణ’కు ఎవరూ ‘కాదు’ అనలేరు, ఎందుకంటే అది ఏమీ చెప్పడం లేదు. తెలుగులో క్రియాపదం లేకుండా కూడా వాక్యం పూర్తవుతుంది కాబట్టి, క్రియ ఉందా లేదా అని చూడటం కన్నా, కాదనడానికి వీలుందా అని చూడటం మేలు.

శీర్షిక మారగానే చార్టు కూడా మారక తప్పదు. చాలామంది ఈ పని చేయరు. ఏడు రంగుల పేర్పుడు స్తంభాల్లో 760 అనే అంకె ఎక్కడా కనిపించదు. లాగిన్ రంగు స్తంభం మధ్యలో ఇరుక్కుపోయి ఉంటుంది, దాని కింది అంచు ప్రతి నెలా వేరే ఎత్తులో ఉంటుంది కాబట్టి కంటితో పోల్చడం కష్టం. అందుకని ఆ చార్టును తీసేసి, ఒక్కో రకంలో ఎంత పెరిగిందో చూపే ఏడు అడ్డపట్టీలు పెట్టాను: ఒకటి పొడవుగా, ఆరు పొట్టిగా. శీర్షికలో ఉన్న అంకె చార్టులో చదవగలిగేలా ఉందా అని వేలు పెట్టి చూసుకోండి. లేకపోతే శీర్షికనో చార్టునో, ఏదో ఒకటి మార్చాలి.

మూడోసారి రాసినప్పుడు తప్పు చేశాను. సరిగ్గా ఆ నెలల్లోనే యాప్ కొత్త వెర్షన్ విడుదలైంది. నేను ఉత్సాహం కొద్దీ ‘కొత్త వెర్షన్ వల్లే లాగిన్ ఫిర్యాదులు పెరిగాయి’ అని రాసి సమావేశంలో చూపించాను. పాత వెర్షన్ వాడేవారి నుంచి కూడా ఫిర్యాదులు పెరిగాయా అని ఒకరు అడిగారు. నా దగ్గర ఆ లెక్క లేదు. నా చార్టు చూపించింది పెరుగుదలను మాత్రమే. శీర్షిక చెప్పింది కారణాన్ని. ఆ తర్వాత మిగతా స్లైడ్ల మీద కూడా ఎవరికీ నమ్మకం కుదరలేదు.

వెనక్కి వచ్చి లెక్క తీస్తే, ఆరో నెలలో వచ్చిన 1,400 లాగిన్ ఫిర్యాదుల్లో 1,190, అంటే 85 శాతం, కొత్త వెర్షన్ వాడేవారివే అని తేలింది. దాన్నే శీర్షికగా పెట్టబోయి ఆగాను. వాడుకదారుల్లో 85 శాతం మంది ఇప్పటికే కొత్త వెర్షన్‌కు మారిపోయి ఉంటే ఆ అంకెకు అర్థమే లేదు. చూస్తే అప్పటికి 60 శాతం మందే మారారు. కొత్త వెర్షన్‌లోని 60 శాతం మంది నుంచి 1,190, పాతదాంట్లోని 40 శాతం మంది నుంచి 210 ఫిర్యాదులు వచ్చాయని తలసరి లెక్క వేస్తే తేడా దాదాపు 4 రెట్లు వచ్చింది. చివరికి నిలిచిన శీర్షిక ఇది: ‘కొత్త వెర్షన్ వాడేవారిలో లాగిన్ ఫిర్యాదుల రేటు పాత వెర్షన్ వారికంటే దాదాపు 4 రెట్లు ఉంది’. ఇది కారణాన్ని నిరూపించినట్టు చెప్పదు, కానీ చార్టు ఎంతవరకు మోయగలదో అంతవరకే చెబుతుంది. ముందు రాసిన 900, 760 వాక్యం పక్క స్లైడ్‌కు శీర్షిక అయింది. ఒకే శీర్షికలో రెండు ముగింపులు ఉండాలని మీకు అనిపిస్తే, అవి చాలాసార్లు రెండు స్లైడ్లే.

ఇక్కడ తెలుగులో రాసేటప్పుడు ఎదురయ్యే ఒక చిక్కు చెప్పాలి. ‘వల్లే’, ‘సమస్యలే’, ‘మనమే’ వంటి పదాల చివర ఉండే ఏకారం చూడటానికి చిన్నదే గానీ, ‘ఇది తప్ప మరొకటి కాదు’ అనే బరువైన మాటను వాక్యంలోకి తెస్తుంది. నా మూడో శీర్షికలో తప్పంతా దాదాపు ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. మాట్లాడేటప్పుడు ఊనిక కోసం వాడే అలవాటుతో రాతలో కూడా అది దూరిపోతుంది. అందుకే నేను శీర్షికలన్నీ రాశాక ఏకారాలను విడిగా వెతికి, ప్రతిదానికీ ఆధారం ఉందో లేదో చూస్తాను.

నిడివి విషయంలోనూ మన వాక్య నిర్మాణాన్ని గుర్తుంచుకోవాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, కాలం, విభాగం, షరతు, ఆధారం అన్నీ ముందు చేరి, అసలు మాట రెండో వరుస చివరికి జారిపోతుంది. ‘సపోర్ట్ విభాగానికి జనవరి నుంచి జూన్ వరకు ఫోన్, ఈమెయిల్ ద్వారా అందిన ఫిర్యాదులను పరిశీలించగా’ అని మొదలుపెడితే, ముగింపు వచ్చేసరికి చదివేవారి చూపు చార్టు మీదకు వెళ్లిపోతుంది. కాలం, ఆధారం, లెక్కలోకి తీసుకున్న మార్గాలు చార్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. ‘పరిశీలించగా’, ‘గమనిస్తే’, ‘ఈ చార్టు ప్రకారం’ వంటి మాటలను కొట్టేసినా ఏమీ పోదు. నేను రెండు వరుసలను హద్దుగా పెట్టుకున్నాను. పవర్‌పాయింట్‌లో చాలా టెంప్లేట్లు శీర్షిక పొడవు పెరిగితే అక్షరాలను వాటంతటవే చిన్నవి చేసేస్తాయి, అందువల్ల హద్దు దాటిన సంగతి మనకు తెలియదు; ఒక స్లైడ్ శీర్షిక పెద్దగా, పక్కదాని శీర్షిక చిన్నగా కనిపిస్తాయి. శీర్షిక పెట్టెకు Do not Autofit అని పెట్టుకుంటే, మూడో వరుస వచ్చినప్పుడు అది పెట్టె దాటి స్పష్టంగా కనబడుతుంది.

స్లైడ్లన్నీ అయ్యాక View ట్యాబ్‌లో Outline View తెరిచి, ఎడమ పక్క కుడి క్లిక్ చేసి Collapse, ఆ తర్వాత Collapse All నొక్కితే శీర్షికలు మాత్రమే వరుసగా కనిపిస్తాయి. ఏదైనా శీర్షిక అక్కడ కనబడకపోతే, మీరు దాన్ని టెంప్లేట్‌లోని శీర్షిక స్థానంలో కాకుండా మామూలు టెక్స్ట్ బాక్స్‌లో రాశారన్నమాట. నేను అలా చదువుకున్నప్పుడు నాకు కనిపించిన వరుస ఇది:

పెరిగిన 900 ఫిర్యాదుల్లో 760 లాగిన్ సమస్యకు చెందినవి.
కొత్త వెర్షన్ వాడేవారిలో లాగిన్ ఫిర్యాదుల రేటు దాదాపు 4 రెట్లు ఉంది.
ఫిర్యాదుకు సగటు జవాబు సమయం 9 గంటల నుంచి 14 గంటలకు పెరిగింది.
సపోర్ట్ బృందంలోకి మరో నలుగురిని తీసుకోవాలి.

మొదటి రెండు వాక్యాలు యాప్‌ను వేలెత్తి చూపిస్తుంటే, నాలుగోది మనుషులను పెంచమంటోంది. పైనుంచి కిందికి ఒక్కసారి చదివిన ఎవరైనా ‘లాగిన్‌ను బాగుచేయించవచ్చు కదా’ అంటారు. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు రెండు సమావేశాల్లో చివరి స్లైడ్ శీర్షిక ‘ప్రతిపాదన’ అనే ఉండేది, ఈ పొసగనితనం నాకు గానీ, విన్నవారికి గానీ తట్టలేదు. చివరికి ప్రతిపాదనే మారింది: ‘లాగిన్ లోపం సరిచేసేవరకు ఇద్దరు తాత్కాలిక సిబ్బంది కావాలి’.

అన్ని స్లైడ్లకూ ఈ పద్ధతి అక్కర్లేదు. విభాగాన్ని వేరుచేసే స్లైడ్‌కు, చివర అనుబంధంగా పెట్టే పూర్తి పట్టికకు పేరు చాలు. ‘నెలవారీ ఫిర్యాదుల పూర్తి పట్టిక’ అంటేనే వెతుక్కునేవారికి సులువు. అలాగే, ఎంత ప్రయత్నించినా ముగింపు దొరకని స్లైడ్ ఒకటో రెండో మిగులుతాయి. నా దగ్గర ఫిర్యాదులు ఏ వేళల్లో వస్తున్నాయో చూపే చార్టు అలా మిగిలింది. అందంగా ఉండేది, తయారుచేయడానికి ఒక రోజంతా పట్టింది, అందుకే తీసేయడానికి మనసొప్పలేదు. ‘ఫిర్యాదులు రోజంతా దాదాపు ఒకే తీరున వస్తున్నాయి’ అని రాసి చూశాను. ఆ మాటతో మా నిర్ణయంలో ఏదీ మారడం లేదని అర్థమై, దాన్ని అనుబంధంలోకి పంపాను. మీ ‘ప్రస్తుత పరిస్థితి’ స్లైడ్ కూడా బహుశా అలాంటిదే అయి ఉంటుంది; ముందుగా దానితో మొదలుపెట్టి చూడండి.