నవంబరు అద్దె రాలేదంటున్న ఓనర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాను. అద్దె 18,000, మెయింటెనెన్స్ 2,000, కలిపి నెలకు 20,000 యూపీఐలో పంపుతాను. హెచ్‌ఆర్‌ఏ కోసం ఆఫీసులో రసీదులు అడిగారు. ఓనర్ గారేమో నవంబరు అద్దె రాలేదు, డిసెంబరులో పంపింది నవంబరుకు జమ రాసుకున్నా అంటున్నారు. నవంబరుది నా భార్య ఫోన్ నుంచి పంపాం. ఆయనకు ఇలా మెయిల్ రాశాను, సరిచేయండి: "సార్, నేను అన్ని నెలలూ కట్టాను. మీ లెక్క తప్పు. వెంటనే సరిచేసి, నెలకు 20,000 చొప్పున రసీదులు ఇవ్వండి. లేదంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు చెప్పాల్సి వస్తుంది."

జవాబు: చివరి వాక్యం ముందు తీసేయండి. ఆయన సంతకం, పాన్ నంబరు రెండూ మీకు కావాలి. మీ అద్దె ఏడాదికి 2,16,000. లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వందే ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లెక్కలోకి తీసుకోరు. బెదిరింపు చదివిన మనిషి ఆ పాన్ ఇవ్వడానికే వెనకాడతాడు.

తర్వాత, 20,000కు రసీదు అడగకండి. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అద్దెకే, మెయింటెనెన్స్‌కు కాదు. రసీదులో అద్దె 18,000 అని విడిగా ఉండాలి. అగ్రిమెంట్‌లో 18,000 ఉండి రసీదులో 20,000 కనిపిస్తే ఆఫీసులో తిప్పి పంపే అవకాశం ఎక్కువ. పాత పన్ను విధానం ఎంచుకుంటేనే ఈ మినహాయింపు ఉంటుందన్నది కూడా ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు నవంబరు. ఆయన ఖాతాలో ఆ డబ్బు మీ భార్య పేరుతో పడింది. మీ పేరు కోసం వెతికితే ఆయనకు కనిపించదు. "మీ లెక్క తప్పు" అన్నంత మాత్రాన ఆయనకు ఏమీ తెలియదు, ఎక్కడ వెతకాలో చెప్పాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు పక్కన 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంటుంది. అదే నంబరుతో ఆయన తన స్టేట్‌మెంట్‌లోనూ చూసుకోవచ్చు. స్క్రీన్‌షాట్ కన్నా ఆ పేజీ పీడీఎఫ్ పంపడం మేలు. మిగతా లావాదేవీలు కనపడకుండా నల్లగా కప్పేయండి.

దీన్ని ఇప్పుడే సరిచేయించాలి. డిసెంబరు డబ్బు నవంబరుకు, జనవరిది డిసెంబరుకు రాసుకుంటూ పోతే ఒక నెల బాకీ ఎప్పటికీ అలాగే నిలిచిపోతుంది. మార్చి నెల రసీదు రాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ 20,000 అడ్వాన్సులో కోసుకుంటారు. అందుకే నవంబరు ఒక్కటే కాదు, ఆ తర్వాతి నెలలు కూడా సరిచేయమని అడగండి.

మెయిల్ ఇలా పంపండి:

"విషయం: నవంబరు 2025 అద్దె జమ సవరణ, ఏప్రిల్–జనవరి రసీదులు

నమస్కారం సార్. నవంబరు అద్దె, మెయింటెనెన్స్ కలిపి 20,000 రూపాయలు 5 నవంబరు 2025న నా భార్య ఖాతా నుంచి మీ ఖాతాకు పంపాం. పంపిన వారి పేరు వేరుగా ఉండటంతో మీకు కనిపించి ఉండకపోవచ్చు. రిఫరెన్స్ నంబరు కింద రాశాను, స్టేట్‌మెంట్ పేజీ జతచేశాను. దయచేసి దాన్ని నవంబరుకు, డిసెంబరు, జనవరిల్లో పంపినవి ఆయా నెలలకు జమ రాసి, జనవరి వరకు బాకీ లేదని ఈ మెయిల్‌కు జవాబివ్వండి.

ఆఫీసులో ఇవ్వడానికి ఏప్రిల్ 2025 నుంచి జనవరి 2026 వరకు నెలకు 18,000 అద్దెకు నా పేరుతో రసీదులు, మీ పాన్ నంబరు కావాలి. వివరాలు నింపిన రసీదులు పంపుతున్నాను, సరిచూసి సంతకం చేస్తే చాలు. ఈ నెల 25లోగా ఇవ్వగలరా?"

తేదీ, నంబరు స్టేట్‌మెంట్ చూసి మీవి వేయండి. గడువు తేదీ మీ ఆఫీసు చివరి తేదీకి వారం ముందుగా పెట్టుకోండి. బాకీ లేదన్న ఆయన జవాబు రసీదుల కన్నా ఎక్కువ కాలం అక్కరకొస్తుంది, దాచుకోండి.

రసీదుల్లో ఒక జాగ్రత్త. డబ్బు అందిన తేదీ ప్రతి నెలకూ అసలుది ఉండాలి, సంతకం చేసిన తేదీ మాత్రం సంతకం చేసిన రోజుదే వేయించండి. పాత తేదీలతో సంతకాలు చేయించొద్దు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చినప్పుడు అనుమానం వచ్చేది అక్కడే. నవంబరు రసీదులో "భార్య ఖాతా నుంచి యూపీఐ ద్వారా" అని రాయించి, రిఫరెన్స్ నంబరు వేయించండి.

ఇంకొకటి. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అద్దె మీరు భరిస్తేనే. ఆ నవంబరు డబ్బు మీరు మీ భార్యకు పంపి ఉంటే ఆ లావాదేవీ కూడా దగ్గర పెట్టుకోండి. పంపి ఉండకపోతే ఆ ఒక్క నెల గురించి మీ హెచ్‌ఆర్‌కు ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే లెక్కలో చూపించండి.