మాత్రలు పారేశాం, ఫోటో ఒక్కటే ఉంది: పాప మింగిందో లేదో తెలియదు

ప్రశ్న: మా పాపకి ఏడాదిన్నర, బరువు 10 కిలోలు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారి బ్యాగు పక్కన కూర్చుని మాత్రలతో ఆడుతుంటే చూశాం. పెదవుల మీద తెల్లటి పొడి ఉంది. మింగిందో లేదో తెలియదు. కంగారులో అన్నీ ఊడ్చి పారేశాం. అంతకుముందు మా ఆయన తీసిన ఫోటో ఒక్కటే ఉంది. అందులో చిన్న తెల్లటి మాత్రలు, కత్తిరించిన షీటు ముక్క మీద "గ్లైకో" అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి. అవి ఏ మాత్రలో చెప్పగలరా? పాప బాగానే ఆడుకుంటోంది. రేపు ఉదయం దాకా చూడొచ్చా?

జవాబు: రేపటి దాకా వద్దు, ఇప్పుడే బయలుదేరండి. వెళ్తూనే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరుకు ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. పాప మగతగా ఉన్నా, చెమటలు పడుతున్నా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా ముందు 108కి చేయండి. మిగతావన్నీ ఆ తర్వాత.

నోట్లో పైకి కనిపించే ముక్కలుంటే తీసేసి, తడిబట్టతో పెదవులూ చిగుళ్లూ తుడవండి. కనిపించని దాని కోసం గొంతులోకి వేలు పెట్టొద్దు, ముక్క ఇంకా లోపలికి జారుతుంది. వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, చింతపండు రసం, పచ్చిగుడ్డు లాంటివి పట్టొద్దు. ఉప్పునీళ్లతో ఇంత చిన్న బిడ్డకి ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పెరిగిపోగలదు. మగతలో ఉండగా వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మత్తుగా కనిపిస్తే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఇక ఫోటో సంగతి. చిన్న తెల్లటి గుండ్రటి మాత్రని చూసి పేరు చెప్పడం ఎవరి వల్లా కాదు. అమెరికాలో దాదాపు ప్రతి మందు మాత్ర మీదా గుర్తింపు అక్షరాలు ఉండి తీరాలన్న నిబంధన ఉంది. మన దగ్గర అలా లేదు కాబట్టి పేరు, మోతాదు, బ్యాచ్ అన్నీ షీటు మీదే ఉంటాయి. అందుకే విదేశీ జాబితాలతో ఫోటోని పోల్చి చెప్పే యాప్‌లు ఇక్కడి మాత్రలకి తప్పు పేరు చూపించగలవు. వాట్సాప్ గ్రూపులో ఎవరో "అది గ్యాస్ మాత్రే" అన్నారని ఆగిపోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఫోటో వల్ల పనికొచ్చేవి రెండే: తీసిన సమయం, షీటు మీద మిగిలిన అక్షరాలు.

మీ ఫోటోనే తీసుకుందాం. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, షుగరు మాత్ర. 10 కిలోల పాప 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగితే మామూలుగా పెద్ద ప్రమాదం ఉండదు. కానీ గ్లైకోమెట్ జీపీ అని ఇంకొకటి ఉంది. దానిలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా ఉంటుంది. గ్లిమిపిరైడ్ క్లోమాన్ని బలవంతంగా ఇన్సులిన్ వదిలేలా చేస్తుంది. పసిబిడ్డ ఒంట్లో దాచుకున్న చక్కెర తక్కువ, కాబట్టి ఒక్క మాత్రతోనే రక్తంలో గ్లూకోజు పడిపోవచ్చు. ఈ రెంటికీ తేడా చెప్పేది "జీపీ" అన్న రెండక్షరాలు. మందుల షాపులో కత్తిరించిచ్చిన ముక్కలో సరిగ్గా అవే పోతాయి. ఫోటోలో అవి కనిపించనప్పుడు జీపీయే అనుకుని నడుచుకోవాలి. డాక్టర్లు కూడా అలాగే చూస్తారు.

"బాగానే ఆడుకుంటోంది" అన్న మాట ఇక్కడే మోసం చేస్తుంది. గ్లిమిపిరైడ్ రకం మాత్రలతో చక్కెర వెంటనే పడకపోవచ్చు. ఎక్కువగా 8 గంటల లోపు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. సాయంత్రం మింగిన బిడ్డ పాలు తాగి పడుకుంటే, పొట్ట ఖాళీ అయ్యే తెల్లవారుజామున పడిపోవచ్చు. అప్పుడు ఇంట్లో వాళ్లకి అది గాఢనిద్రలాగే కనిపిస్తుంది. అందుకే ఆసుపత్రిలో ఉంచుకుని గంట గంటకీ వేలి రక్తంతో చక్కెర చూస్తారు, సాధారణంగా రాత్రి గడిచేదాకా, తరచుగా 24 గంటలు. పడిపోతే సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్ ఇస్తారు. మళ్లీ మళ్లీ పడుతుంటే ఇన్సులిన్‌ని అణిచే ఆక్ట్రియోటైడ్ ఇస్తారు. అత్తగారి గ్లూకోమీటరు ఇంట్లో ఉంటే ఇప్పుడే ఒకసారి చూడండి. 60 కన్నా తక్కువ వచ్చి, పాప మెలకువగా మింగగలిగే స్థితిలో ఉంటే చెంచాతో గ్లూకోజు నీళ్లు పట్టి పరుగెత్తండి. 90 వచ్చిందంటే ఈ నిమిషానికి బాగుందని మాత్రమే అర్థం, ఇంట్లో ఉండిపోవచ్చని కాదు.

మాత్రలు పోయినా అవి ఎక్కడివో కనుక్కోవచ్చు. పాపతో ఇద్దరు వెళ్లండి, ఒకరు ఇంట్లో ఉండి చెత్తబుట్ట వెతకండి. ఊడ్చిన మాత్రలు, షీటు ముక్కలు, పొడి అయినా సరే, ఒక కవర్లో వేసి వెనకాలే పంపండి. అత్తగారిని "ఏం మందులు వాడతారు" అని అడిగితే "షుగరువి, బీపీవి" అంటారు. అలా కాకుండా, పొద్దున ఏవి వేసుకుంటారు, రాత్రి ఏవి, మోకాళ్ల నొప్పికి ఏవి, నిద్రకి ఏమైనా ఉందా అని ఒక్కొక్కటే అడగండి. ప్రిస్క్రిప్షను, ఊరి మందుల షాపు బిల్లు ఉంటే ఫోటో తీయండి, లేదా ఆ షాపుకే ఫోన్ చేయించండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నొప్పికి ట్రమడాల్, నిద్రకి అమిట్రిప్టిలిన్ లాంటివి కూడా ఆ బ్యాగులో ఉంటే ఒకటి రెండు మాత్రలే ఇంత బిడ్డకి ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే షుగరు మాత్ర ఒక్కటే అనుకుని జాబితా ఆపేయొద్దు.

లెక్క ఇలా వేయండి. ఉదాహరణకి, అత్తగారు 10 మాత్రలు తెచ్చుకున్నారు, 3 వేసుకున్నారు, చెత్తలో 5 దొరికాయి. అంటే 2 పాప పొట్టలో ఉన్నట్టే, మంచం కింద దొరికేదాకా. ఫోటోలో ఎన్ని కనిపిస్తున్నాయో దానితో సరిపోల్చండి. సమయం కూడా అంతే: పాప చేతిలో ఏమీ లేకుండా ఆఖరిసారి ఎప్పుడు చూశారు, ఫోటో ఎప్పుడు తీశారు, ఈ రెండూ చెప్పండి. కొన్ని మందులకి ఇచ్చే బొగ్గు పొడి మొదటి గంటలోనే బాగా పనిచేస్తుంది, కాబట్టి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఆ పొడి ఇంట్లో పట్టించేది కాదు.

ఫోటోని డాక్టరుకి పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫోటోగా పంపితే సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఇంకా మాత్ర దొరికితే తెల్లకాగితం మీద రూపాయి బిళ్ల పక్కన పెట్టి రెండు వైపులా తీయండి. తడిసిన మాత్రకి పైరంగు పోతుంది కాబట్టి నోట్లోంచి తీసినదైతే ఆ మాట కూడా చెప్పండి.

ఆసుపత్రిలో దీన్ని పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసుగా రాయడం మామూలే. దానికి భయపడి "ఏమీ తినలేదు, ఊరికే చూపిద్దామని" అనొద్దు. ఆ మాట విని రెండు గంటల్లో ఇంటికి పంపేస్తే, చక్కెర పడే వేళకి పాప ఇంట్లో నిద్రలో ఉంటుంది.

అమెరికాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు అక్కడి విష సమాచార కేంద్రానికి 1-800-222-1222 నంబరుకు చేయండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి తెచ్చిన మందులైతే బ్రాండు పేరు ఆ కేంద్రం వాళ్లకి తెలియకపోవచ్చు. "ఇండియా మాత్ర" అని చెప్పి, షీటు మీద ఉన్న అసలు మందు పేరుని అక్షరం అక్షరం చదివి వినిపించండి.