నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ

ప్రశ్న: నమస్తే అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మార్చి 20న క్రెడిట్ కార్డు మీద 40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నాను. దాళ్వా ధాన్యం డబ్బు ఆలస్యమైంది, మే 5న మినిమమ్ 2,000 కట్టాను. మే 10న ఇంట్లో సరుకులకి ఇంకో 6,000 వాడాను. తర్వాతి బిల్లులో మినిమమ్ 5,315 అంటే సర్దలేక తొమ్మిది రోజులు లేటుగా జూన్ 14న కట్టాను. మొత్తం 7,315 కట్టినా ఇంకా 45,121 బాకీ చూపిస్తున్నారు. నెలకి మూడున్నర శాతం వడ్డీ, లేట్ ఫీ 15 శాతం, గరిష్ఠం 1,250 అని కార్డు కాగితాల్లో ఉంది. 38,000కి మూడున్నర శాతం అంటే 1,330 కదా, ఇంత ఎలా అయింది? మోసం జరిగిందా? సార్వా డబ్బు వచ్చేదాకా మినిమమ్ కట్టుకుంటూ పోవచ్చా? మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టడం నాకు ఇష్టం లేదు.

జవాబు: మీరు రాసిన తేదీలన్నీ వరసగా పెట్టుకుని లెక్క వేశానండి. మోసం ఏమీ లేదు. మీ బిల్లు 15వ తేదీన తయారవుతుందని, డ్యూ డేట్ 5వ తేదీ అని తీసుకుంటే వాళ్ల అంకె, నా అంకె కలిశాయి. కానీ మీరు వేసుకున్న 1,330 లెక్క ఎక్కడ తప్పిందో తెలిస్తే, సార్వా దాకా మినిమమ్ కట్టొచ్చా అన్న ప్రశ్న మీకే అనవసరం అనిపిస్తుంది.

మనందరం అనుకునేది ఏంటంటే డ్యూ డేట్ దాకా వడ్డీ లేదు, ఆ తర్వాత మిగిలిన బాకీ మీదే వడ్డీ అని. కార్డులో అలా ఉండదు. బిల్లు మొత్తం, ఒక్క రూపాయి తగ్గకుండా, డ్యూ డేట్ లోపల కడితేనే ఆ వడ్డీ లేని రోజులు మీవి. 2,000 కట్టి 38,000 మిగిల్చారంటే ఆ సదుపాయం వెనక్కి తీసేసుకుంటారు, తీసేసుకుని మీరు ఫ్రిజ్ కొన్న రోజు నుంచి లెక్క మొదలుపెడతారు. అంటే మార్చి 20 నుంచి మే 4 దాకా 46 రోజులు, అదీ 38,000 మీద కాదు, పూర్తి 40,000 మీద. నెలకి మూడున్నర అంటే ఏడాదికి 42 శాతం, రోజు లెక్కన చూస్తే ఆ 46 రోజులకే 2,117 రూపాయలు. మే 5 నుంచి 15 దాకా 38,000 మీద ఇంకో 481. ఇక మే 10న కొన్న సరుకులు చూడండి, ఆ 6,000కి కనీసం జూన్ 5 దాకా వడ్డీ ఉండదనే కదా మీరు వాడారు, కానీ పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, ఆరు రోజులకి 41 రూపాయలు. ఇవన్నీ పైసలతో సహా కలిపి 2,640. దీని మీద 18 శాతం జీఎస్టీ 475. మొత్తం 3,115. మీరు కట్టింది 2,000, వాళ్లు వేసింది 3,115, అంటే ఫ్రిజ్ బాకీ తగ్గాల్సింది పోయి పెరిగింది.

జీఎస్టీ సంగతి చాలామంది వదిలేస్తారు. వస్తువు మీద పన్ను కొన్నప్పుడే కట్టేశారు, ఇది వడ్డీ మీద పన్ను. అందుకే మూడున్నర అని కాగితంలో ఉన్నా మన జేబులోంచి పోయేది నూటికి నెలకి నాలుగు రూపాయల పదమూడు పైసలు. మన ఊళ్లలో ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటేనే పాపం ఎంత అవసరమొచ్చిందో అనుకుంటాం. కార్డు వడ్డీని శాతాల్లో కాకుండా ఇలా రూపాయల్లో చెప్పుకుంటే దాని బరువు వెంటనే తెలుస్తుంది, నా దగ్గరికి వచ్చే రైతులకి నేనెప్పుడూ ఇలాగే చెబుతాను.

ఇక జూన్. మే 15 బిల్లులో మినిమమ్ ఒక్కసారిగా 5,315 ఎందుకైందంటే, అసలు 44,000లో ఐదు శాతం 2,200, దానికి తోడు వేసిన వడ్డీ, జీఎస్టీ మొత్తం 3,115 అందులో కలిపేశారు. బాకీ ఎప్పటికీ తీరకుండా పెరుగుతూ పోయేలా మినిమమ్ పెట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది, అందుకే వడ్డీ మొత్తాన్ని అందులో చేరుస్తారు. మొదటి నెల 2,000 చూసి ప్రతి నెలా అంతే ఉంటుందనుకోవడం వల్లే మీరు రెండో నెల ఇబ్బంది పడ్డారు.

తొమ్మిది రోజుల లేటుకి పడింది 1,250, దాని మీద జీఎస్టీ 225, మొత్తం 1,475. ఇక్కడ శాతం ఎలా పనిచేస్తుందో చూడండి. డ్యూ డేట్ దాటాక మిగిలిన బాకీలో 15 శాతం అంటే మీకు 7,067 పడాలి, గరిష్ఠం ఉంది కాబట్టి 1,250 దగ్గర ఆగింది. సుమారు 8,333 రూపాయల బాకీకే ఆ గరిష్ఠం వచ్చేస్తుంది. కాబట్టి మీలాంటి పెద్ద బాకీ ఉన్నప్పుడు మినిమమ్ కన్నా తక్కువ, ఓ రెండు మూడు వేలు కట్టి కొంతైనా ఫీజు తగ్గుతుందనుకుంటే తగ్గదు. అదే 5,315 సమయానికి కట్టి ఉంటే ఫీజు అసలు పడేది కాదు. ఇంకో సంగతి, డ్యూ డేట్ తర్వాత మూడు రోజులు దాటితేనే లేట్ ఫీ వేయాలన్నది కూడా రిజర్వు బ్యాంకు నిబంధనే. 5వ తేదీకి అందకపోతే 8 లోపలైనా కట్టేయండి. ఫీజు తప్పుతుంది, వడ్డీ మాత్రం ఆగదు.

లేటుగా కట్టిన ఆ 5,315లో ముందు పాత వడ్డీ, పన్ను 3,115 తీసుకుని, అసలుకి చేరింది 2,200 మాత్రమే. మిగిలిన అసలు 41,800. జూన్ 15 దాకా కొత్త వడ్డీ 1,564, దాని జీఎస్టీ 282, లేట్ ఫీ 1,475, మొత్తం 3,321. అందుకే 45,121. మీరు వాడింది 46,000, కట్టింది 7,315, మూడు నెలలు తిరక్కుండా వడ్డీకీ ఫీజుకీ పన్నులకీ పడింది 6,436 అండి. ఈ లెక్కలో వడ్డీ అంతా అసలు మీదే ఉంది, ఫీజు మీద, పన్ను మీద వడ్డీ వేయకూడదు, వేయలేదు కూడా. రాబోయే బిల్లుల్లో అది మాత్రం చూస్తూ ఉండండి.

ఏడాదికి 30 శాతం దాటిన వడ్డీ చెల్లదని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, దాన్ని నమ్ముకుని కట్టడం మానకండి. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అలా అన్నమాట నిజమే, కానీ 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది.

సార్వా మాట. కోతలు నవంబరు, డిసెంబరు, డబ్బు చేతికి రావడానికి ఇప్పటి నుంచి ఆరు నెలలు వేసుకోండి. ప్రతి నెలా సమయానికే మినిమమ్ కడుతూ, కార్డు మళ్లీ గీకకుండా ఉన్నా, వడ్డీ, జీఎస్టీ కలిపి ఈ ఆరు నెలల్లో 9,000 పైనే అవుతుంది, అప్పటికి అసలు ఇంకా 30,000 పైన మిగిలే ఉంటుంది. అందుకే వద్దంటున్నాను.

గొలుసు సంగతి మీకు బాధగా ఉంటుందని తెలుసు, మన ఇళ్లలో బంగారం తాకట్టు అంటే పరువు పోయినట్టు చూస్తారు. అయినా ఈ విషయంలో మీ ఆవిడగారితో కూర్చుని, ఈ అంకెలు కాగితం మీద రాసి చూపించి మాట్లాడమనే చెబుతాను. బ్యాంకులోనో మీ సొసైటీలోనో గోల్డ్ లోన్ నూటికి రూపాయి అటూ ఇటూగా దొరుకుతుంది. రూపాయే అనుకుంటే 45,000కి నెలకి 450. కార్డు మీద ఇప్పుడు నెలకి పడేది 1,726. ఆరు నెలలు అసలు ఒక్క పైసా కట్టకపోయినా గోల్డ్ లోన్ వడ్డీ 2,700తో పోతుంది, ధాన్యం డబ్బు రాగానే గొలుసు ఇంటికి వస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గర మాత్రం పెట్టకండి, అక్కడ రెండు, మూడు రూపాయలు అడుగుతారు. లోన్ ఇచ్చే ముందు బంగారం చూసినందుకు, కాగితాలకు ఎంత తీసుకుంటారో అడిగి తెలుసుకోండి.

ఆవిడగారు ఒప్పుకోకపోతే ఆ మాటకి విలువ ఇచ్చి, కార్డు వాళ్లకే ఫోన్ చేసి బాకీని ఈఎంఐగా మార్చమని అడగండి. నెలకి మూడున్నర కన్నా చాలా తక్కువ పడుతుంది, కానీ ఆ వడ్డీ మీద కూడా జీఎస్టీ ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, మధ్యలో తీర్చేస్తే ఎంత కట్టాలో ముందే అడగాలి, ఎందుకంటే మీరు డిసెంబరులో తీర్చేద్దామనే ఉంటారు. అదే ఫోన్‌లో ఈ 1,250 లేట్ ఫీ తీసేయమని కూడా అడగండి. మొదటిసారి లేటైన వాళ్లకి చాలాసార్లు తీసేస్తారు, తీస్తే దాని మీద జీఎస్టీ కూడా వెనక్కి రావాలి. అడగనివాళ్లకి మాత్రం ఎవరూ తీయరు.

ఆఖరుగా ఒక జాగ్రత్త. డబ్బు సర్ది 45,121 మొత్తం జూన్ 25న కట్టేశారనుకోండి. జూలై 15న మళ్లీ 511 రూపాయల బిల్లు వస్తుంది. తీర్చేశాం కదా అని టెన్షన్ పడకండి, అలాగని పక్కన పడేయకండి కూడా. జూన్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు 41,800 మీద నడిచిన వడ్డీ, దాని పన్ను అది, జూన్ బిల్లు తయారయ్యే నాటికి అది పుట్టలేదు కాబట్టి అందులో లేదు. భీమవరంలో మందుల షాపు నడిపే ఒకాయన ఇలాంటి చిన్న బిల్లునే పట్టించుకోలేదు, నెలలపాటు లేట్ ఫీలు పడి, తర్వాత ఇంటి లోనుకి వెళ్తే ఆ చిన్న బాకీ సిబిల్‌లో కనిపించి నాలుగు నెలలు తిరిగారు. కార్డు పక్కన పెట్టేసినా ఫోన్‌లో ఆ యాప్ తీసేయకండి, జూలై బిల్లు కట్టి, ఆగస్టు 15 బిల్లులో బాకీ సున్నా, వడ్డీ సున్నా అని కళ్లతో చూసిన తర్వాతే మళ్లీ ఆ కార్డు వాడాలో వద్దో ఆలోచించండి.