ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చినా లూపస్ అని ఎందుకు తేల్చరు?

"వయసు 28. ఏడాదిగా చేతివేళ్ల కీళ్ల నొప్పులు, నీరసం, జుట్టు రాలడం. ఏఎన్‌ఏ 1:160, స్పెకిల్డ్ అని వచ్చింది. డాక్టర్ లూపస్ అనలేదు, కాదనీ అనలేదు. రక్తంలో పాజిటివ్ వచ్చాక ఇంకా అనుమానం ఏమిటి?"

లూపస్ అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు. ముందు ఆ 1:160 ఏం చెబుతోందో చూద్దాం. ల్యాబ్‌లో హెప్-2 అనే మానవ కణాలు పరిచిన గాజు పలక మీద మీ సీరమ్ వేస్తారు. మీ రక్తంలో కణకేంద్రకానికి అతుక్కునే యాంటీబాడీలు, అంటే ఏఎన్‌ఏ, ఉంటే అవి అక్కడే అంటుకుంటాయి. కడిగి, వాటిని పట్టుకునే మెరిసే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఆకుపచ్చగా వెలుగుతాయి. సీరమ్‌ను 80 రెట్లు, 160 రెట్లు, 320 రెట్లు ఇలా పలచన చేస్తూ పోతారు. మీది 160 దగ్గర కూడా వెలిగింది, అంతే. స్పెకిల్డ్ అంటే ఆ వెలుగు చుక్కలు చుక్కలుగా కనబడిందని. దీన్ని చాలాచోట్ల మనిషి కంటితోనే చదువుతారు కాబట్టి ఒక ల్యాబ్‌లో 1:160 వచ్చింది మరో ల్యాబ్‌లో 1:80 రావచ్చు. దాన్ని చూసి జబ్బు తగ్గిందనుకోకండి.

అసలు చిక్కు ఏమిటంటే, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఇది వెలుగుతుంది. 1997లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో ఆరోగ్యవంతుల్లో సుమారు 13 శాతం మందికి 1:80 దగ్గర, 5 శాతం మందికి 1:160 దగ్గర పాజిటివ్ కనబడింది. మీలాంటి బాధలతో వెయ్యి మంది వచ్చారనుకోండి. వాళ్లలో నిజంగా లూపస్ ఉన్నది పది మందికే అనుకుందాం (లెక్క కోసం వేసుకున్న అంకె). ఆ పది మందికీ పాజిటివ్ వస్తుంది. మిగతా 990 మందిలో 5 శాతం చొప్పున మరో 50 మందికి వస్తుంది. అంటే 60 పాజిటివ్‌లలో లూపస్ పదికే. థైరాయిడ్ ఆటోఇమ్యూన్ జబ్బు, కొన్ని ఇన్ఫెక్షన్లు, కొన్ని మందులు కూడా ఏఎన్‌ఏని పాజిటివ్ చేస్తాయి. అందుకే ఈ పరీక్ష నెగటివ్ వచ్చినప్పుడే ఎక్కువ పనికొస్తుంది: లూపస్ అవకాశం బాగా తగ్గిపోతుంది.

2019 నాటి యూరప్, అమెరికా ఉమ్మడి లూపస్ ప్రమాణాల్లో ఏఎన్‌ఏ 1:80 లేదా అంతకన్నా ఎక్కువ ఉండటం గుమ్మం దాటడం మాత్రమే, దానికి పాయింట్లు లేవు. ఆ తర్వాత 10 పాయింట్లు రావాలి. వీటిని పరిశోధనల కోసం తయారు చేశారు, రోగనిర్ధారణకు కాదు. అయినా డాక్టర్ ఆలోచన ఎటు పోతుందో చూడటానికి బాగా పనికొస్తాయి. మీ సంగతి లెక్కేద్దాం. జుట్టు రాలడాన్ని డాక్టర్ స్వయంగా చూసి నమోదు చేస్తే 2. కీళ్లకు 6, కానీ వట్టి నొప్పి చాలదు. రెండు కీళ్లలోనైనా వాపు ఉండాలి, లేదా రెండు కీళ్లు నొక్కితే నొప్పి పుట్టి, ఉదయం కనీసం అరగంట బిగుసుకుపోవాలి. రెండూ కలిసినా 8 దగ్గరే ఆగారు. రక్తంలోని సీ3, సీ4 అనే రక్షణ ప్రోటీన్లలో ఏదో ఒకటి తగ్గి ఉంటే 3 కలిసి 11. డీఎస్-డీఎన్‌ఏ లేదా స్మిత్ యాంటీబాడీ వస్తే 6. నీరసానికి పాయింటే లేదు, ఎందుకంటే అది ఏ జబ్బులోనైనా ఉంటుంది.

ఆలస్యానికి కారణం ఇందులోనే ఉంది. ఈ లక్షణాలన్నీ ఒకేసారి రావు. ఈ ఏడు కీళ్లు, వచ్చే ఏడు ముఖం మీద దద్దుర్లు, ఆ తర్వాత నోటిపుండ్లు. ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎవరికీ మొత్తం కనబడదు. పైగా యాంటీబాడీలు జబ్బు బయటపడక ముందే, సగటున మూడేళ్లకు పైగా ముందే, రక్తంలో ఉంటాయని అమెరికా సైనికుల నిల్వ రక్తనమూనాల మీద 2003లో వచ్చిన పరిశోధన చూపించింది. యాంటీబాడీలు కనబడ్డ ప్రతి ఒక్కరికీ జబ్బు వస్తుందని మాత్రం దీనర్థం కాదు.

చేయాల్సినవి: డీఎస్-డీఎన్‌ఏ, స్మిత్ లాంటి యాంటీబాడీలను విడివిడిగా చూసే ఈఎన్‌ఏ ప్రొఫైల్, సీ3, సీ4, రక్తకణాల లెక్క, క్రియాటినిన్, మూత్రపరీక్ష. ఏఎన్‌ఏ మళ్లీ మళ్లీ చేయించడం దండగ. జబ్బు తేలాక దాని ఎగుడుదిగుళ్లను చూపేవి డీఎస్-డీఎన్‌ఏ, సీ3, సీ4లే. వాపులు వచ్చినప్పుడు, దద్దుర్లు తేలినప్పుడు తేదీ కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. ప్రమాణాల్లో లక్షణాలు ఒకే సమయంలో ఉండాలని లేదు, కాబట్టి డాక్టర్ నమోదు చేసిన పాత వాపు కూడా లెక్కకు వస్తుంది. ఎవరో ఇచ్చారని స్టెరాయిడ్ మాత్రలు వేసుకుని వెళ్లొద్దు. వాపు అణిగిపోయి, చూడాల్సింది డాక్టర్‌కు కనబడదు.

అన్నిటికన్నా మూత్రపరీక్షను మాత్రం వదలొద్దు. లూపస్ కిడ్నీని నొప్పి లేకుండానే దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటినా, కాళ్లు ఉబ్బినా, మూత్రం నురగగా వస్తున్నా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.