రీల్ కవర్, తొలి టెక్స్ట్: ప్రొఫైల్ గ్రిడ్‌లో కనబడేలా ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సోషల్ మీడియా కంటెంట్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేస్తే, కుండల తయారీ నేర్పే ఒక స్టూడియో కోసం 24 సెకన్ల ప్రచార రీల్ చేయమని పరీక్షగా ఇచ్చారు. చేసి పంపాను. "వీడియో బాగుంది, కానీ ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో పెడితే అసలు కనబడటం లేదు. కవర్, మొదటి టెక్స్ట్ మార్చి మళ్లీ పంపండి" అన్నారు. చక్రం మీద చేతులున్న ఫ్రేమ్‌పై "కుండల తయారీలో ప్రాథమిక శిక్షణ తరగతులు ప్రారంభం" అని రాశాను. నా కవర్, రీల్, ఆ స్టూడియో ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను. ఏం మార్చాలి?

జవాబు: మీరు జతచేసినవన్నీ చూశాను. ముందుగా ఒక విషయం విడదీసుకోవాలి. కవర్‌ను చూసేవారు వేరు, రీల్ మొదట్లో వచ్చే టెక్స్ట్‌ను చూసేవారు వేరు. ఫీడ్‌లో రీల్ దానంతట అదే మొదలవుతుంది కాబట్టి అక్కడ చూసేవారికి మీ కవర్ కంటపడదు. కవర్‌ను చూసేది ప్రొఫైల్ తెరిచి, అక్కడున్న గడులలో ఏది నొక్కాలా అని వెతుకుతున్న మనిషి. మీరు ఒకే వాక్యాన్ని రెండు చోట్లా వాడటంతో అది రెండు చోట్లా నప్పలేదు.

కవర్‌తో మొదలుపెడదాం. రీల్ చిత్రం 1080 పిక్సెళ్ల వెడల్పు, 1920 పిక్సెళ్ల ఎత్తు. ప్రొఫైల్ గ్రిడ్‌లో వరుసకు మూడు గడులు ఉంటాయి. 2025 జనవరి నుంచి ఆ గడులు చతురస్రం నుంచి 3:4 నిష్పత్తికి మారాయి. అంటే మీ కవర్‌లో పైన 240, కింద 240 పిక్సెళ్లు గ్రిడ్‌లో తెగిపోయి, మధ్యలోని 1440 మాత్రమే కనిపిస్తుంది. మీ వాక్యంలోని మొదటి వరుస సరిగ్గా ఆ తెగిపోయే భాగంలో ఉంది. స్క్రీన్‌షాట్‌లో "ప్రాథమిక శిక్షణ" నుంచి మాత్రమే కనబడుతోంది, అది దేనికి శిక్షణో తెలియడం లేదు. రీల్స్ ట్యాబ్‌లో నిలువు చిత్రం మొత్తం కనిపిస్తుంది కాబట్టి అక్కడ చూసుకుని మీరు సరిపోయిందనుకుని ఉండవచ్చు.

ఇక అక్షరాల పరిమాణం. ఫోన్ తెర వెడల్పు సుమారు 6.6 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో గడి వెడల్పు 2.2 సెంటీమీటర్లు. 1080 పిక్సెళ్లు 22 మిల్లీమీటర్లలో ఇమడాలంటే, దాదాపు 49 పిక్సెళ్లకు ఒక మిల్లీమీటరు. మీ కవర్‌పై అక్షరం ఎత్తు కొలిస్తే 60 పిక్సెళ్లు వచ్చింది, అంటే గ్రిడ్‌లో అది మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఆ పరిమాణంలో ఎవరూ చదవరు. నేను కనీసం 150 పిక్సెళ్లు, అంటే 3 మిల్లీమీటర్లు ఉండాలని చెబుతాను. అంత పెద్దగా రాస్తే ఆరు పదాలు పట్టవు, రెండు మూడు పదాలకే చోటు ఉంటుంది. ఆ ఇరుకు మంచిదే, ఎందుకంటే ఏ పదం ఉంచాలో అదే తేల్చిపెడుతుంది.

తెలుగు అక్షరాలతో పనిచేసేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీరు తెల్లటి అక్షరాలకు మందమైన నల్ల అంచు పెట్టారు. "ప్రాథమిక" అనే మాటను దగ్గరగా పెట్టి చూడండి. థ లోపలి చుక్కను ఆ నల్ల అంచు నాలుగు వైపుల నుంచీ మూసేసింది. చిన్న గడిలో అది ధ లాగా కనిపిస్తోంది. "శిక్షణ"లోని క్ష అయితే అచ్చు ముద్దగా మారింది. పైగా రెండు వరుసల మధ్య ఎడం తక్కువ కావడంతో పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని అక్షరాల తలలను తాకుతున్నాయి. ఒత్తులు లేని మాటలు దొరికితే కవర్‌పై అవే వాడటం మేలు. తప్పనిసరిగా ఒత్తు వస్తే వరుసల మధ్య ఎడం పెంచండి, అంచు గీతను పూర్తిగా తీసేసి, అక్షరం వెనుక ఒకే రంగు నేల ఉండేలా చూడండి. రామభద్ర వంటి బరువైన ఫాంటు రెండు పదాలకు బాగుంటుంది, కానీ దానికి అంచు గీత అస్సలు కలపకూడదు.

ఇప్పుడు ఫ్రేమ్ ఎంపిక. ఏ ఫ్రేమ్ అందంగా ఉందని కాకుండా, ఆ గ్రిడ్‌లో ఇరుగుపొరుగు గడుల పక్కన ఏది వేరుగా కనబడుతుందని అడగాలి. స్టూడియో స్క్రీన్‌షాట్‌లో చివరి తొమ్మిది పోస్టులను లెక్కపెట్టాను. ఐదింటిలో చక్రం మీద చేతులే ఉన్నాయి, అన్నీ మట్టి రంగే. మీ 3వ సెకను ఫ్రేమ్ ఆరవది అయింది. చేయి, మట్టి, చక్రం మూడూ ఒకే గోధుమ ఛాయలో ఉండటంతో చిన్న గడిలో ఏది ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు. ఫోన్‌లో ఆ చిత్రాన్ని నలుపు తెలుపుకు మార్చి చూస్తే సంగతి వెంటనే బోధపడుతుంది, అంతా ఒకే బూడిద రంగుగా వస్తుంది.

మీ రీల్‌లో నాకు ఇంకా మూడు ఫ్రేమ్‌లు పరిశీలించదగ్గవిగా కనిపించాయి. 19వ సెకనులో ఎనిమిది మంది విద్యార్థులు తమ కుండలు పట్టుకుని నిలబడ్డారు. సంతోషకరమైన దృశ్యమే, కానీ ఒక్కో ముఖం గడిలో 2 మిల్లీమీటర్లకు మించదు, అది గుంపుగా తప్ప మనుషులుగా కనబడదు. 22వ సెకనులో నీలి పూత వేసిన పూర్తయిన కుండ చాలా అందంగా ఉంది, రంగులో గ్రిడ్ మొత్తానికీ వేరుగా ఉంది. నేనూ మొదట దాని దగ్గరే ఆగాను. అయితే దాన్ని చూసినవారు ఇక్కడ కుండలు అమ్ముతున్నారనుకుంటారు. ప్రచారం చేయవలసింది వస్తువును కాదు, నేర్పడాన్ని. కాబట్టి దాన్నీ వదిలేశాను.

మిగిలింది 11వ సెకను. కుండ గోడ పైకి లేస్తూ ఒక పక్కకు వంగి కూలుతుంది, నేర్చుకుంటున్న అమ్మాయి రెండు చేతులూ వెనక్కి తీసేస్తుంది, చక్రం ఆగుతుంది. వాలిపోయిన ఆ అంచు ఆకారం ఎంత చిన్నగా చేసినా గుర్తుపట్టవచ్చు. వెనుక గోడ లేత రంగులో ఉండటం ఇంకా కలిసొచ్చింది. కూలుతున్న క్షణాన్ని మాత్రం తీసుకోవద్దు, అప్పుడు చక్రం తిరుగుతూ ఉండటం వల్ల మట్టి అంచు చెదిరి మసకగా వచ్చింది. చక్రం ఆగిన తరువాత చేతులు గాలిలో ఉన్న అరసెకను తీసుకోండి, అక్కడ అంతా నిలకడగా ఉంది. యాప్‌లోని స్లైడర్‌తో ఆ ఫ్రేమ్ కచ్చితంగా చిక్కదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫ్రేమ్‌ను పూర్తి పరిమాణంలో చిత్రంగా ఎగుమతి చేసి, దానిపై అక్షరాలు పేర్చి, కవర్‌గా విడిగా అప్‌లోడ్ చేయండి. కవర్ చిత్రాన్ని వీడియో చివర రెండు మూడు ఫ్రేమ్‌లుగా అతికించే అలవాటు కొందరికి ఉంది. రీల్ మళ్లీ మొదటికి వచ్చేటప్పుడు అది కంటికి కొట్టినట్లు మెరుస్తుంది, కాబట్టి అలా చేయకండి.

ఆ కవర్‌పై రాయవలసినది "మొదటి కుండ" అనే రెండు మాటలే అని నా అభిప్రాయం. ఒక్క ఒత్తు కూడా లేదు, రెండు వరుసలుగా పెద్దగా పడుతుంది. కూలిన కుండ పైన "మొదటి కుండ" అని ఉంటే, ఇది కొత్తగా నేర్చుకునేవారి గురించి అని "ప్రాథమిక శిక్షణ" అనే మాట లేకుండానే తెలుస్తుంది. లేత గోడ మీద ముదురు గోధుమ రంగులో, పైనుంచి 420 నుంచి 800 పిక్సెళ్ల మధ్య అక్షరాలను పెట్టి, కుండ దాని కింద వచ్చేలా ఫ్రేమ్‌ను కొంచెం పెద్దది చేసి జరపండి. 420 అని చెప్పడానికి కారణం ఉంది. పాత చతురస్రపు కత్తిరింపు పైన అంత భాగాన్ని తీసేసేది, అలాంటి కత్తిరింపు ఎక్కడ ఎదురైనా అక్షరాలు నిలుస్తాయి. కింది ఎడమ మూలలో వ్యూస్ సంఖ్య కూర్చుంటుంది కనుక అక్కడ ముఖ్యమైనదేదీ ఉంచకండి.

ఇక రీల్ తొలి టెక్స్ట్. మీరు మొదటి ఒకటిన్నర సెకను లోగో కదలికకు ఇచ్చి, తరువాత వాక్యాన్ని ఒక్కో అక్షరంగా టైపు అవుతున్నట్లు తెచ్చారు. ఫీడ్‌లో వేలు ఆగేదీ, జరిగేదీ ఆ ఒకటిన్నర సెకనులోనే. పైగా టైపు కదలిక తెలుగు అక్షరాన్ని విరిచేస్తోంది. "శిక్షణ" వస్తుంటే ముందు శి, తరువాత పొల్లు క్, ఆ తరువాత అది మారి క్ష కావడం మీ వీడియోలో స్పష్టంగా కనబడుతోంది. చదువరి కన్ను ప్రతిసారీ ఒకసారి వెనక్కి పోవాలి. వాక్యం మొదటి ఫ్రేమ్ నుంచే పూర్తిగా, కదలకుండా ఉండాలి. లోగోను చివరికి పంపండి.

కవర్ నొక్కి వచ్చినవారికి ఈ వాక్యం కవర్‌కు కొనసాగింపుగా ఉండాలి, ఫీడ్‌లో తారసపడినవారికి తనంతట తానే అర్థం కావాలి. "మొదటి కుండ అందరికీ ఇక్కడే కూలుతుంది" అని పెడితే రెండూ తీరతాయి. "ఇక్కడే" అన్నాక తెర మీద ఆ కూలడం కనిపించాలి కదా, కాబట్టి 11వ సెకను దృశ్యాన్ని రెండున్నర సెకన్ల పాటు ముందుకు తెచ్చి, తరువాత మీ మామూలు క్రమంలోకి వెళ్లండి. వాక్యం ఎంతసేపు ఉండాలన్నదానికి నేను వాడే కొలత ఇది: బయటకు మామూలు వేగంతో ఒకసారి చదివి, అది ముగిశాక ఇంకొక అరసెకను. తరగతుల వివరాలు, చేరే విధానం చివరి ఐదు సెకన్లలోకి వెళ్తాయి.

ఈ టెక్స్ట్ స్థానాన్ని కవర్ కంటే జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే రీల్ నడుస్తున్నప్పుడు కింద ఖాతా పేరు, వివరణ, కుడివైపు బటన్లు దాని మీదకు వస్తాయి. ప్రకటనగా నడిపే రీల్స్‌లో పైన సుమారు 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున అక్షరాలు లేకుండా వదలమని మెటా సూచిస్తుంది. స్టూడియో రేపు ఈ రీల్‌ను డబ్బు పెట్టి ప్రచారం చేయవచ్చు కనుక మీరూ అదే పాటించండి. 1920లో లెక్కిస్తే 270కి పైన, 1250కి కింద ఏమీ రాయకూడదు. మీ పాత వాక్యం 1500 దగ్గర ఉంది, వివరణ తెరిస్తే పూర్తిగా మునిగిపోతుంది.

పంపే ముందు ఒక పరీక్ష చేయండి. స్టూడియో ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ మీద కొత్త కవర్‌ను 3:4కు కత్తిరించి, అది నిజంగా వచ్చే గడిలో అతికించండి. వారు మూడు పోస్టులను పైన పిన్ చేసి ఉంచారు కాబట్టి మీ రీల్ రెండవ వరుసలో ఎడమ గడిలోకి వస్తుంది. ఆ చిత్రాన్ని ఫోన్‌లో తెరిచి, చేయి చాచి పట్టుకుని, ఈ పని గురించి తెలియని ఒకరికి రెండు సెకన్లు చూపించి తిప్పేయండి. ఏం చదివారో, ఏం చూశారో అడగండి. "మొదటి కుండ" అని, "ఏదో కూలింది" అని చెబితే పని అయినట్లే. "మట్టి పని" అని మాత్రమే చెబితే అక్షరాలు ఇంకా నేలలో కలిసిపోతున్నాయని అర్థం. అప్పుడు రంగు మార్చండి, పరిమాణం జోలికి వెళ్లకండి.

మీకున్న సమయంలో ఎక్కువ భాగం తొలి టెక్స్ట్ మీద పెట్టమని కోరుతున్నాను. కవర్‌ను ప్రచురించిన తరువాత కూడా మార్చుకోవచ్చు, వీడియోలో కలిసిపోయిన అక్షరాలను మార్చాలంటే రీల్‌ను తీసేసి, వచ్చిన వ్యూస్, కామెంట్లు వదులుకుని, మళ్లీ ఎక్కించాలి. మీ పనిని చూసేవారికి ఈ తేడా తెలుసు. అందుకే మళ్లీ పంపేటప్పుడు రీల్‌తో పాటు పాత కవర్ ఉన్న గ్రిడ్ స్క్రీన్‌షాట్‌నూ, కొత్త కవర్ ఉన్న స్క్రీన్‌షాట్‌నూ పక్కపక్కన జతచేసి, నీలి కుండ ఫ్రేమ్‌ను ఎందుకు వదిలేశారో ఒక వాక్యంలో రాయండి.