దరఖాస్తు పంపి వారమైంది, మళ్లీ ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: బీకాం పూర్తయింది. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఈ నెల 12న, మంగళవారం మెయిల్‌లో దరఖాస్తు పంపాను. వారం కావస్తున్నా ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ రాస్తే విసుక్కుంటారేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: రాయండి. అయితే సరిగ్గా వారానికి, అంటే 19న వద్దు. 21న, గురువారం ఉదయం పదిన్నర ప్రాంతంలో పంపండి. నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసే వ్యాపారులకు జీఎస్‌టీఆర్-3బీ గడువు 20వ తేదీ. దానికి ముందు రెండు మూడు రోజులు ఆడిటర్ల ఆఫీసుల్లో తల ఎత్తే తీరిక ఉండదు. బిల్లులు చివరి నిమిషంలో తెచ్చి ఇచ్చేవారే ఎక్కువ. ఆ హడావిడిలో వచ్చిన మెయిల్‌ను చూసినా, తర్వాత చూద్దామని వదిలేస్తారు. మీకు ఇంతవరకు జవాబు రాకపోవడానికీ బహుశా ఇదే కారణం.

ముందు స్పామ్ ఫోల్డర్ ఒకసారి చూసుకోండి. ప్రకటనలో చివరి తేదీ ఉందేమో కూడా చూడండి. ఉంటే వారం లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. గడువు 18 అయితే 26 దాకా ఆగడం మంచిది.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, పాతదాన్ని తెరిచి దానికే రిప్లై ఇవ్వండి. మీ మొదటి ఉత్తరం కిందే కనిపిస్తుంది కాబట్టి వారు వెతుక్కోనక్కరలేదు. కానీ రిప్లైలో పాత రెజ్యూమె దానంతట అది రాదు, మళ్లీ జతచేయాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇంగ్లిషులో రాసినా వరస ఇలా ఉండనివ్వండి:

"నమస్కారం. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఈ నెల 12న దరఖాస్తు పంపాను. రిటర్నుల పనిలో ఉండి ఉంటారు. ఎంపిక ఏ దశలో ఉందో వీలు చూసుకుని తెలియజేయగలరు. ట్యాలీలో కొనుగోలు, అమ్మకం ఎంట్రీలు చేయగలను. వచ్చే నెల 1 నుంచి చేరగలను. రెజ్యూమె మళ్లీ జతచేశాను."

కింద మీ పేరు, ఫోన్ నంబరు. అంతే.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాంటి ఉత్తరాన్నే "వారమైనా మీ నుంచి స్పందన లేదు" అని మొదలుపెట్టాడు. మర్యాదగానే రాశాననుకున్నాడు. చదివేవారికి మాత్రం అది నిలదీసినట్టే ఉంటుంది. ఆ వాక్యం తీసేసి "12న పంపాను" అని రాయించాను. ఎన్ని రోజులైందో తేదీయే చెబుతుంది. "ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం" అన్న మాట కూడా వద్దు. అది వారిని ఇబ్బంది పెడుతుంది తప్ప, మీకు ఏ పని వచ్చో చెప్పదు.

ఆ తర్వాత ఇంకో వారం ఆగండి. 28న ఆఫీసు నంబరుకు ఒక్కసారి ఫోన్ చేసి, దరఖాస్తు అందిందా అని అడగండి. ఆడిటర్ గారి సొంత నంబరుకు వాట్సాప్ సందేశాలు పెట్టకండి. మూడో మెయిల్ కూడా వద్దు. ఈలోగా ఊళ్లో మరో రెండు మూడు ఆఫీసులకు దరఖాస్తులు పంపుతూ ఉండండి, అవి కూడా 20 దాటాకే.